డేట్ దాటి 6 రోజులైంది, టెస్ట్ నెగెటివ్: నెల తప్పినట్టా, ఆలస్యమైనట్టా?

"అక్కా, నాకు 27 ఏళ్ళు, పెళ్ళయి ఏడాదిన్నర. పీరియడ్స్ మామూలుగా 30 రోజులకి వస్తాయి. పోయినసారి మార్చి 3న వచ్చింది, ఈరోజు ఏప్రిల్ 8, ఇంకా రాలేదు. 3న ఇంట్లో టెస్ట్ చేస్తే నెగెటివ్ వచ్చింది. రొమ్ములు నొప్పిగా ఉన్నాయి, పొత్తికడుపు ఇప్పుడే వచ్చేస్తుందేమో అన్నట్టు లాగుతోంది, 5న కొంచెం గోధుమరంగు మరక కనిపించింది. మార్చి మధ్యలో వారం రోజులు వైరల్ ఫీవర్ వచ్చింది. ఇది ప్రెగ్నెన్సీయా, ఉత్త ఆలస్యమేనా? ఎలా తెలుస్తుంది? అసలు ప్రెగ్నెన్సీలో పీరియడ్స్ ఎందుకు ఆగిపోతాయి? మా అత్తగారు నువ్వులు బెల్లం తినమంటున్నారు, మా ఆయన మెడికల్ షాపులో టాబ్లెట్ తెస్తానంటున్నారు."

చెల్లీ, ముందు ఆ టాబ్లెట్ సంగతి చెప్పేస్తాను. ఇంకోసారి టెస్ట్ చేసుకునేదాకా ఏ టాబ్లెట్టూ వద్దు, ఎందుకో కింద చెప్తాను. నువ్వుల ఉండలు తింటే తిను, ఒకటి రెండు ఉండలతో రావలసిన పీరియడ్ రాదు, ఉన్న గర్భం పోదు. నేను గైనిక్ ఓపీలో, లేబర్ రూములో కలిపి 22 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను, డాక్టర్ని కాదు. కానీ "డేట్ దాటింది సిస్టర్, అవునా కాదా?" అని వచ్చి కూర్చున్న వాళ్ళని ఎంతమందిని చూశానో లెక్క లేదు. వాళ్ళలో చాలామంది చేసే పొరపాటే నువ్వూ చేశావు. ఆలస్యాన్ని రావలసిన తేదీ నుంచి లెక్కపెట్టావు. లెక్క మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు, అండం విడుదలైన రోజు నుంచి.

అది అర్థం కావాలంటే పీరియడ్ ఎందుకు వస్తుందో చూడాలి. అది తెలిస్తే ఎందుకు ఆగుతుందో దానంతట అదే తెలుస్తుంది. నెలలో మొదటి సగం అండాశయంలో ఒక చిన్న నీటి సంచిలో అండం పెరుగుతుంది, గర్భసంచి లోపలి పొర కూడా దానితో పాటు మందమవుతుంది. ఒకరోజు ఆ సంచి పగిలి అండం బయటికొస్తుంది. చాలామంది కథ అక్కడితో అయిపోయిందనుకుంటారు, కానీ అసలు పని చేసేది ఆ పగిలిన సంచే. అది పసుపు రంగు తిరిగి ఒక చిన్న గ్రంథిలా మారుతుంది, దాన్ని కార్పస్ లూటియం అంటారు. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ని తయారుచేసేది అదే. ఆ హార్మోన్ ఉన్నన్నాళ్ళూ గర్భసంచి పొర నిలబడి ఉంటుంది. ఆ గ్రంథికి ఆయుష్షు సుమారు 14 రోజులు. ఈలోపు ఎవరూ దానికి "ఆగు, ఇక్కడ పని ఉంది" అని చెప్పకపోతే అది ముడుచుకుపోతుంది, హార్మోన్ పడిపోతుంది, పొరలో స్ప్రింగుల్లా చుట్టుకుని ఉండే సన్నటి రక్తనాళాలు బిగుసుకుపోతాయి, రక్తం అందక పొర చచ్చి రాలిపోతుంది. అదే పీరియడ్. అంటే హార్మోన్ ఉన్నప్పుడు కాదు, తగ్గిపోయినప్పుడు వచ్చే రక్తస్రావం ఇది.

ఇక గర్భం వస్తే ఏమవుతుందంటే, అండం ఫలదీకరణ చెంది మెల్లగా ట్యూబులోంచి దిగి, విడుదలైన రోజు నుంచి లెక్కేస్తే 6 నుంచి 12 రోజుల మధ్య, ఎక్కువమందికి 8, 9, 10 రోజుల్లో, గర్భసంచి పొరలో నాటుకుంటుంది. నాటుకోగానే హెచ్‌సీజీ అనే హార్మోన్ని తల్లి రక్తంలోకి పంపడం మొదలుపెడుతుంది. దాని పని ఒక్కటే, చచ్చిపోబోతున్న ఆ పసుపు గ్రంథికి వెళ్ళి ఆగమని చెప్పడం. గ్రంథి బతుకుతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోదు, పొర రాలదు. నువ్వు "ఆగిపోయింది" అంటున్నది నిజానికి రాలకుండా నిలబడిన పొర. దాదాపు 7 నుంచి 9 వారాల దాకా ఆ చిన్న గ్రంథే గర్భాన్ని మోస్తుంది, తర్వాత మాయ ఆ పని అందుకుంటుంది. ఈ హార్మోన్లు ఎక్కువగా ఉన్నంతకాలం మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి కొత్త అండాన్ని పెంచమనే కబురు అండాశయానికి పంపదు. కొత్త అండం లేకపోతే కొత్త నెల లేదు, అందుకే కాన్పు దాకా రాదు.

ఇప్పుడు ఉత్త ఆలస్యం చూడు. అండం విడుదలయ్యాక పీరియడ్ వచ్చేదాకా ఉండే ఆ 14 రోజులు ఒక మనిషిలో పెద్దగా మారవు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అంతే. మారేది మొదటి సగం. జ్వరం, నైట్ డ్యూటీలు, పరీక్షల టెన్షన్, ఒక్కసారిగా బరువు తగ్గడం, థైరాయిడ్, పీసీఓఎస్, వీటిలో ఏదైనా ఆలస్యం చేసేది అండం విడుదలనే. పీరియడ్ లేటయిందని మనం అంటాం గానీ పీరియడ్ తన టైముకే వస్తుంది, లేటయ్యింది రెండు వారాల ముందు జరగాల్సిన పని.

ఇక నీ తేదీలు పెట్టి చూద్దాం. నీకు 30 రోజుల నెల కాబట్టి మామూలుగా అండం 16వ రోజుకి, అంటే మార్చి 18 దగ్గర విడుదలవ్వాలి, ఏప్రిల్ 2న పీరియడ్ రావాలి. అలాగే జరిగి గర్భం వచ్చి ఉంటే మార్చి 26, 27, 28 తేదీల్లో నాటుకునేది, ఏప్రిల్ 3న నువ్వు చేసిన టెస్టులో చాలావరకు గీత పడి ఉండేది. పడలేదు. అంటే అలా జరిగి ఉండే అవకాశం కొంచెం తక్కువ అనుకోవచ్చు. కానీ నీకు సరిగ్గా అండం పెరిగే రోజుల్లో జ్వరం వచ్చింది. దానివల్ల విడుదల దాదాపు ఒక వారం ఆలస్యమై మార్చి 26న అయ్యిందనుకో. అప్పుడు నీ అసలు పీరియడ్ తేదీ ఏప్రిల్ 2 కాదు, 9. నువ్వు 6 రోజులు లేటు అనుకుంటున్నావు గానీ ఆ లెక్కన ఇంకా ఒక్క రోజు కూడా లేటవ్వలేదు. గర్భం వచ్చి ఉన్నా అది నాటుకునేది ఏప్రిల్ 3 నుంచి 5 మధ్య, మరి 3న నువ్వు చేసిన టెస్ట్ ఏం చూపిస్తుంది చెప్పు? కాబట్టి ఆ నెగెటివ్‌ని చూసి "కాదు" అనుకోవద్దు, "అయ్యుంటుంది" అని ఆశ కూడా పెట్టుకోవద్దు. విడుదల ఆలస్యమై ఉంటే ఆ రోజు అది చెప్పగలిగింది ఏమీ లేదు.

టెస్ట్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఏడుపులన్నీ దాని దగ్గరే. ఇంట్లో చేసే కార్డులు చాలావాటికి మూత్రంలో హెచ్‌సీజీ 25 యూనిట్ల దాకా ఉంటేనే గీత స్పష్టంగా పడుతుంది. ఈ హార్మోన్ మొదట్లో సుమారు రెండు రోజులకొకసారి రెట్టింపవుతుంది. ఊరికే లెక్క కోసం అనుకుందాం, 4న నాటుకుని 6వ తేదీకి 10 ఉంటే, 8కి 20, 10కి 40. అంటే 8న చేస్తే కనపడీ కనపడని గీత, 10న చేస్తే మంచి గీత. అందుకే నీకు చెప్పేది, ఎల్లుండి 10న పొద్దున్న లేవగానే మొదటి మూత్రంతో చెయ్యి. రాత్రంతా నిలవ ఉన్నది కాబట్టి చిక్కగా ఉంటుంది. లీటరు నీళ్ళు తాగి చేస్తే పలచబడి గీత పడకుండా పోవచ్చు. ప్యాకెట్లో ఇచ్చిన డ్రాపరుతో దాని మీద రాసినన్ని చుక్కలే వేసి, రాసినంత సేపు, మామూలుగా 5 నిమిషాలు, ఆగి చూడు. సీ దగ్గర గీత లేకపోతే ఆ కార్డు పాడైనట్టే, పారెయ్. టీ దగ్గర లేత గులాబీ గీత పడినా అది గీతే, ఎంత లేతగా ఉన్నా పాజిటివ్ కిందే లెక్క, రెండు రోజుల తర్వాత చేస్తే చిక్కబడుతుంది. అయితే అరగంట తర్వాత డస్ట్‌బిన్‌లోంచి తీసి చూస్తే కనపడే బూడిదరంగు గీతని నమ్మొద్దు, అది తడి ఆరిన మచ్చ. కార్డు కొనడం ఇబ్బందయితే మీ ఊళ్ళో ఆశా కార్యకర్తని అడుగు, ప్రభుత్వం వాళ్ళకి నిశ్చయ్ కిట్లు ఇస్తుంది. 10న నెగెటివ్ వచ్చి పీరియడ్ కూడా రాకపోతే 17న మళ్ళీ చెయ్యి. మీరిద్దరూ చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు దాటాక చేసిన టెస్ట్ నెగెటివ్ అయితే దాన్ని నమ్మొచ్చు.

లక్షణాల గురించి అడిగావు. ఇక్కడ నేను చెప్పేది చాలామందికి నచ్చదు. రొమ్ముల నొప్పి, పొట్ట ఉబ్బరం, అలసట, చిరాకు, ఇవన్నీ ప్రధానంగా ప్రొజెస్టిరాన్ చేసే పనులే. ఆ హార్మోన్ పీరియడ్ ముందూ ఉంటుంది, గర్భంలోనూ ఉంటుంది. రెండిట్లోనూ ఒకటే హార్మోన్ అయినప్పుడు మొదటి రోజుల్లో లక్షణాన్ని బట్టి తేడా ఎలా పట్టుకుంటాం? పట్టుకోలేం. ఇద్దరు పిల్లల్ని కన్నవాళ్ళు కూడా "ఈసారి నాకు ఖాయంగా తెలుసు సిస్టర్" అని వచ్చి మర్నాడు ప్యాడ్ కోసం అడిగిన రోజులున్నాయి. అయితే ఆ లక్షణం ఏ రోజుకి తగ్గుతుందో, తగ్గకుండా ఎంతదూరం పోతుందో చూస్తే తేడా తెలుస్తుంది.

రొమ్ములనే తీసుకో. పీరియడ్ ముందు వచ్చే నొప్పి, బరువు సాధారణంగా రక్తం కనపడే ముందు రోజో, ఆ రోజో తగ్గడం మొదలవుతుంది, ఎందుకంటే హార్మోన్ పడిపోతోంది. గర్భంలో తగ్గదు, వారం గడిచేసరికి ఇంకా పెరుగుతుంది, జాకెట్ తగిలినా నొప్పి పుడుతుంది, చర్మం కింద నీలి నరాలు తేలతాయి, చనుమొనల చుట్టూ రంగు ముదురుతుంది. ఈ రంగు మారడం డేట్ దాటిన రెండో రోజుకే కనపడేది కాదు, ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఇప్పుడు అద్దం ముందు నిలబడి వెతుక్కోకు.

వేవిళ్ళు కూడా అంతే. సినిమాల్లో డేట్ తప్పకముందే హీరోయిన్ వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తుతుంది. నిజానికి చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి లెక్కేస్తే 5, 6 వారాలకి, అంటే డేట్ దాటిన ఒకటి రెండు వారాలకి మొదలవుతాయి చాలామందికి. పొద్దున్నే రావాలని కూడా లేదు, సాయంత్రం తాలింపు వేస్తుంటే వచ్చేవాళ్ళున్నారు, అన్నం ఉడికే వాసనకి వంటింట్లోంచి బయటికొచ్చేసే వాళ్ళున్నారు. నా అనుభవంలో వాంతి కంటే ముందు వచ్చేది ఈ వాసన గొడవే. ఉత్త ఆలస్యంలో ఇది దాదాపు చూడలేదు. రోజూ తాగే కాఫీ వాసన ఉన్నట్టుండి పడకపోతే నేను కొంచెం చెవి రిక్కించి వింటాను. అలాగని వేవిళ్ళు లేకపోతే గర్భం లేదని కాదు, చుక్క వాంతి లేకుండా తొమ్మిది నెలలు మోసినవాళ్ళు ఉన్నారు. మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి రావడం కూడా గర్భంలో తొందరగానే మొదలవుతుంది, అయితే మంట ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, మూత్ర పరీక్ష చేయించుకో.

పొత్తికడుపు లాగడం మీద మాత్రం ఏమీ అనుకోకు. "ఇదిగో ఇప్పుడే వచ్చేస్తుంది" అని బాత్రూముకి పరిగెత్తడం, ఏమీ లేకపోవడం, ఇది నెల తప్పిన వాళ్ళలో ఎంత మామూలో లేటైన వాళ్ళలోనూ అంతే.

5న కనపడ్డ మరక సంగతి. అండం నాటుకునేటప్పుడు కొద్దిమందికి ఇలా గోధుమరంగో, లేత గులాబీయో ఒకటి రెండు రోజులు కనపడుతుంది, పీరియడ్ మొదలయ్యే ముందు కూడా కనపడుతుంది, అండం విడుదల అటూ ఇటూ అయిన నెలలో ఊరికే కూడా కనపడుతుంది. రంగు చూసి తేల్చలేం. చూడాల్సింది అది పెరిగిందా లేదా అని. పీరియడ్ అయితే మరక నుంచి ఎర్రబడి, రెండో రోజుకి ప్యాడ్ తడిసేంత అవుతుంది. మరకగానే ఆగిపోతే దాన్ని పీరియడ్ కింద రాసుకోవద్దు. ఒకామె మా దగ్గరికి "రెండు నెలల గర్భం" అని వచ్చింది, స్కాన్‌లో మూడు నెలలు నిండి ఉంది. మధ్యలో రెండు రోజులు కొంచెం కనపడితే డేట్ వచ్చిందనుకుని లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టింది. అడిగితే "ఈసారి తక్కువైంది, ప్యాడ్ కూడా అక్కర్లేకపోయింది" అంది. ఆ మాట ఎవరన్నా అంటే వెంటనే టెస్ట్ చేయిస్తాను నేను.

ఇప్పుడు మీ ఆయన తెస్తానన్న టాబ్లెట్. షాపులో "పీరియడ్స్ రావడానికి" అంటే రెండు రకాలు చేతిలో పెడతారు. ఒకటి ప్రొజెస్టిరాన్ రకం. 5 నుంచి 10 రోజులు వేసుకుని ఆపితే హార్మోన్ పడిపోయి, పైన చెప్పినట్టే, కొద్ది రోజుల్లో పొర రాలుతుంది. గర్భం ఉంటే రాలదు, ఎందుకంటే లోపలి గ్రంథి తయారుచేస్తూనే ఉంటుంది. అంటే నువ్వు పది రోజులు వృథా చేసుకుని మళ్ళీ ఇక్కడికే వస్తావు. రెండోది గర్భం పోగొట్టే మాత్రలు, వీటిని కూడా చీటీ లేకుండా ఇచ్చే షాపులున్నాయి. ఇది అసలు భయపడాల్సిన పని. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలతో అది పోదు, రక్తం కనపడుతుంది కాబట్టి "అయిపోయింది" అనుకుంటారు, లోపల ట్యూబు పగులుతుంది. అలా తెల్లబారిపోయి, నాడి దొరకని స్థితిలో ఆటోలో తెచ్చిన అమ్మాయిని ఒకామెని ఇప్పటికీ మర్చిపోలేదు. బతికింది, ట్యూబు తీసేయాల్సి వచ్చింది.

కాబట్టి ఇది గుర్తుపెట్టుకో: టెస్ట్ నెగెటివ్ అన్నా, పాజిటివ్ అన్నా, పొట్టలో ఒక పక్కనే గుచ్చినట్టు నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్ళు తిరిగి పడిపోతున్నట్టు ఉండడం, వీటిలో ఏది వచ్చినా పొద్దున్న దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యి. గంటకి రెండు ప్యాడ్లు తడిసేంత రక్తం వస్తున్నా అంతే.

10న, 17న రెండుసార్లూ నెగెటివ్ వచ్చి పీరియడ్ రాకపోయినా కంగారు పడక్కర్లేదు. జ్వరం వల్ల అండం ఇంకా విడుదల కాలేదేమో, అయిన రెండు వారాలకి వస్తుంది. మొత్తం మూడు నెలలు దాటినా రాకపోతే మాత్రం గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళు, థైరాయిడ్, ప్రొలాక్టిన్ రక్త పరీక్షలు, స్కాన్ రాస్తారు.

పాజిటివ్ వస్తే ఒక చిక్కు ఉంది, ముందే చెప్తున్నాను. డాక్టర్లు నెలలు లెక్కేసేది చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి, నీకైతే మార్చి 3. ఆ లెక్కన ఏప్రిల్ 21కి 7 వారాలు, స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనపడాలి. కానీ అండం మార్చి 26న విడుదలై ఉంటే ఆ రోజుకి నీకు నిజంగా 5 వారాల 5 రోజులే. సంచి కనపడుతుంది, గుండె కనపడకపోవచ్చు. "హార్ట్‌బీట్ రాలేదు" అన్న ఒక్క మాటకి గుండె జారిపోయి ఇంటికెళ్ళి ఏడ్చి, వారం పది రోజుల తర్వాత స్కాన్‌లో టకటకమని చూసుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అందుకని స్కాన్‌కి తొందరపడి వెళ్ళకు, ఏప్రిల్ నెలాఖరుకి పెట్టుకో. నొప్పీ రక్తమూ ఉంటే మాత్రం అప్పటిదాకా ఆగకుండా ముందే వెళ్ళాలి. లోపలికి వెళ్ళగానే వాళ్ళు డేట్ ఎప్పుడని అడిగినప్పుడు మార్చి 3 అని చెప్పి ఊరుకోకుండా, మధ్యలో ఆ వారం జ్వరం వచ్చిందని, 3న టెస్ట్ నెగెటివ్ అని, గీత మొదట ఏ తేదీన పడిందో అది కూడా చెప్పు.